ఫోనులో మాట వినపడదు, టీవీలో సంగీతం మోగిపోతుంది: ఒక ఇంటర్వ్యూ వీడియో మాస్టరింగ్ కేస్ స్టడీ

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేసరికి ఈ వీడియో ఎడిటింగ్ పూర్తయి, ఒకసారి అప్‌లోడ్ కూడా అయిపోయింది. నిడివి 26 నిమిషాలు. ఒక వ్యాఖ్యాత, ఒక డాక్టరు కూర్చుని దీర్ఘకాలిక జబ్బుకు వాడే మందుల గురించి మాట్లాడుకున్న ఇంటర్వ్యూ అది. మొదట్లో టైటిల్ సంగీతం, మధ్యమధ్యలో దృశ్యాల మీద సంగీతం, చాలాచోట్ల మాటల కింద కూడా సన్నగా సంగీతం ఉన్నాయి. ఇద్దరికీ చొక్కాకు తగిలించే చిన్న మైకులే వాడారు. వ్యాఖ్యాతది స్పష్టమైన గొంతు. డాక్టరుగారిది బరువైన, మెత్తని గొంతు.

వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని మార్చాను. అంకెలు మాత్రం ఆ ఫైలులో ఉన్నవే.

సమస్య

ప్రేక్షకుల ఫిర్యాదులు రెండు రకాలుగా వచ్చాయి. ఫోనులో చూసినవాళ్లు డాక్టరుగారి మాటలు సగం అర్థం కావడం లేదన్నారు. టీవీలో చూసినవాళ్లు ఆయన మాటల కోసం సౌండు పెంచి కూర్చుంటే సంగీతం రాగానే ఉలిక్కిపడుతున్నామన్నారు.

తయారుచేసినాయనకు ఇది అంతుపట్టలేదు. "మైనస్ 14కే కదండీ నార్మలైజ్ చేశాం, మీటరులోనూ అంతే చూపిస్తోంది. ఇంకేం చేయాలి?" అని అడిగారు. ఆయన చెప్పింది నిజమే. నార్మలైజ్ చేయడమంటే ఫైలు సగటు గట్టిదనాన్ని, అంటే లౌడ్‌నెస్‌ను, ఒక నిర్ణీత అంకెకు తేవడం. దాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ యూనిట్లలో కొలుస్తారు. ఒక యూనిట్ తేడా అంటే ఒక డెసిబెల్, అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ శబ్దం గట్టిది. పూర్తి ఫైలు సగటు లౌడ్‌నెస్ మైనస్ 14.2 ఎల్‌యూఎఫ్‌ఎస్ ఉంది. ట్రూ పీక్, అంటే శబ్ద తరంగం చేరే అత్యధిక ఎత్తు, మాత్రం మైనస్ 0.1 వరకు వెళ్లింది. మెత్తని భాగాలకూ గట్టి భాగాలకూ మధ్య తేడాను చెప్పే లౌడ్‌నెస్ రేంజ్ 13.4 ఉంది. మాటలే ప్రధానమైన వీడియోకు అది చాలా ఎక్కువ.

మీటరు ఆ సగటును ఎలా లెక్కిస్తుందో తెలిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఐటీయూ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణమైన బీఎస్.1770 పద్ధతిలో శబ్దాన్ని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటారు. చెవి వినే తీరుకు దగ్గరగా ఉండేలా ఫిల్టరు వేసి, ఒక్కో ముక్క శక్తిని కొలుస్తారు. దాదాపు నిశ్శబ్దంగా ఉన్న ముక్కలను మొదట వదిలేస్తారు. మిగిలినవాటి సగటు కంటే 10 యూనిట్లకు పైగా కిందున్న వాటిని కూడా తర్వాత వదిలేసి, అప్పుడు చివరి సగటు తీస్తారు. ఇందులో మాట ఏది, సంగీతం ఏది అన్న తేడా ఉండదు. తరగతి సగటు మార్కులు చూసి చివరి బెంచీ విద్యార్థి పాసయ్యాడో లేదో చెప్పలేనట్టే, ఈ ఒక్క అంకె చూసి డాక్టరుగారి మాట వినపడుతుందో లేదో చెప్పలేం.

అందుకే ఫైలును భాగాలుగా విడదీసి ఒక్కొక్కటీ కొలిచాను. వ్యాఖ్యాత మాటలు సుమారు 8 నిమిషాలు, మైనస్ 14. డాక్టరుగారి మాటలు 11 నిమిషాలు, మైనస్ 19. సంగీతం ఒక్కటే ఉన్న భాగాలు కలిపి 7 నిమిషాలు, మైనస్ 11.5. సంగీతానికీ డాక్టరుగారి గొంతుకూ 7.5 డెసిబెల్ తేడా ఉంది. శక్తి లెక్కలో అది ఐదున్నర రెట్లు. నిడివిలో నాలుగో వంతుకు కాస్త మించిన సంగీతం, సగటును తేల్చే శక్తిలో సగానికి పైగా తనే ఆక్రమించింది. అంటే మైనస్ 14కు తెచ్చింది ముఖ్యంగా సంగీతాన్ని. ప్రేక్షకుడు ఎవరి కోసం వీడియో పెట్టుకున్నాడో ఆ గొంతు దానికి 5 యూనిట్లు కింద మిగిలిపోయింది.

ఫోనులో మరీ అధ్వాన్నం ఎందుకు?

ఇదొక్కటే కారణమైతే ఫోనులోనూ టీవీలోనూ ఫిర్యాదు ఒకేలా ఉండాలి. ఫోనులో మాట తక్కువగా వినపడటమే కాదు, అర్థం కూడా కావడం లేదంటున్నారు. దీన్ని విడిగా చూడాలనిపించింది.

ఫోను స్పీకరు చాలా చిన్నది. కొన్ని వందల హెర్ట్జ్ కిందనున్న శబ్దాన్ని అది దాదాపు పలికించలేదు. కానీ లౌడ్‌నెస్ మీటరులోని ఫిల్టరు బాగా కింది స్వరాలనే తగ్గిస్తుంది. 100, 200 హెర్ట్జ్ దగ్గరి శక్తిని ఇంచుమించు పూర్తిగా లెక్కలోకి తీసుకుంటుంది. బరువైన మగ గొంతు బలమంతా అక్కడే ఉంటుంది. మీటరు ఉందని లెక్కించిన శబ్దం ఫోనులో లేనే లేదన్నమాట.

దీన్ని అంకెల్లో చూడటానికి నేను చేసే పని ఒకటుంది. స్టీరియోలోని ఎడమ, కుడి చానెళ్లను కలిపి మోనో చేసి, 400 హెర్ట్జ్ కిందిదంతా కోసేసి, ffmpeg అనే ప్రోగ్రాముతో మళ్లీ లౌడ్‌నెస్ కొలుస్తాను. ఏ ఫోనుకూ ఇది అచ్చమైన నమూనా కాదు. కానీ ఒక గొంతును మరో గొంతుతో పోల్చడానికి చాలు.

```
ffmpeg -i guest.wav -af "pan=mono|c0=0.5*c0+0.5*c1,highpass=f=400,ebur128=dualmono=true" -f null -
```

ఇందులో `dualmono=true` పెట్టకపోతే మోనో ఫైలు 3 యూనిట్లు తక్కువగా కనిపించి, పోలిక తప్పుతుంది.

ఈ కొలతలో వ్యాఖ్యాత గొంతు 3 యూనిట్లు తగ్గితే డాక్టరుగారి గొంతు 7 తగ్గింది. టీవీలో 5 యూనిట్లుగా ఉన్న తేడా ఫోనులో 9కి చేరింది. పైగా గుండెల మీద తగిలించిన మైకుకు నోటి నుంచి నేరుగా వచ్చే పై స్వరాలు తక్కువగా అందుతాయి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే హల్లుల స్పష్టత అక్కడే పోతుంది. ఆయన గొంతులో ఛాతీ గుమ్ము నిండుగా ఉంది, హల్లుల అంచులు మొద్దుబారి ఉన్నాయి. ఫోను ఆ గుమ్మును తీసేస్తే మిగిలింది మొద్దుబారిన అంచులే.

మరో సంగతి వింటుంటే తెలిసింది. ఆయన వాక్యం గట్టిగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు. మనం అవునో కాదో తేల్చేది వాక్యం చివర వచ్చే క్రియలోనే. ఒకచోట "ఈ మందు మీ అంతట మీరు ఆపకూడదు" అన్నారు. ఫోనులో "ఆప" వరకే వినపడింది. మిగతాది సంగీతంలో కలిసిపోయింది. ఇలాంటి వీడియోలో అది చిన్న లోపం కాదు. ఆ వాక్యాన్నే నా గీటురాయిగా పెట్టుకున్నాను. ఏ మార్పు చేసినా ముందు దాన్ని ఫోనులో వినేవాణ్ణి.

మొదట ప్రయత్నించినవి, అవి ఎందుకు కుదరలేదు

మొదట నాకు ఇచ్చింది మిక్స్ అయిపోయిన ఒక్క ఫైలే. విడి ట్రాకులు ఉన్న డిస్కు దొరకడానికి సమయం పడుతుందన్నారు. ఈలోగా ఉన్న ఫైలుతో ఎంత వరకు వెళ్లగలమో చూద్దామని, లౌడ్‌నెస్‌ను లక్ష్యానికి తెచ్చే loudnorm అనే ffmpeg ఫిల్టరును రెండు విడతల్లో నడిపాను. లక్ష్యం మైనస్ 16, ట్రూ పీక్ మైనస్ 1.5, లౌడ్‌నెస్ రేంజ్ 11.

ఈ ఫిల్టరు రెండు రకాలుగా పనిచేస్తుంది. లీనియర్ అయితే ఫైలంతటినీ ఒకే మొత్తంలో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, లోపలి హెచ్చుతగ్గుల జోలికి పోదు. డైనమిక్ అయితే గెయిన్‌ను, అంటే పెంచే లేదా తగ్గించే మొత్తాన్ని, క్షణక్షణం మారుస్తూ పోతుంది. `linear=true` అని రాసినంత మాత్రాన లీనియర్‌గానే నడుస్తుందనుకోకూడదు. ఫైలు లౌడ్‌నెస్ రేంజ్ మనం ఇచ్చిన లక్ష్యం కంటే ఎక్కువున్నా, గెయిన్ కలిపాక పీకు హద్దు దాటేలా ఉన్నా, ఎక్కడా ఆగకుండా డైనమిక్‌లోకి మారిపోతుంది. ఈ ఫైలు రేంజ్ 13.4, లక్ష్యం 11. కాబట్టి మారుతుందని తెలుసు. ఫలితాల్లో `"normalization_type" : "dynamic"` అనే కనిపించింది. ఇక్కడ నాక్కావలసింది కూడా అదే. సంగీతాన్ని దించి, డాక్టరుగారిని అదే పైకెత్తుతుందేమో చూద్దామనుకున్నాను.

ఎత్తింది నిజమే. కానీ ఆయన మాటల మధ్య ఆగినప్పుడల్లా గదిలోని ఫ్యాను చప్పుడు కూడా ఉప్పెనలా పైకి లేచింది. సంగీతం ఆగి ఆయన మాట మొదలయ్యేచోట గెయిన్ ఇంకా పాత స్థాయి నుంచి కోలుకుంటూ ఉండేది. దాంతో మొదటి రెండు మూడు మాటలు కిందే ఉండిపోయి, ఆ తర్వాతే గొంతు తేరుకునేది. సగటు అంకె చక్కగా మైనస్ 16 దగ్గర ఉంది. వినడానికి మాత్రం ఎవరో పక్కన కూర్చుని నాబ్ తిప్పుతున్నట్టే ఉంది.

తర్వాత మిక్స్ మొత్తం మీద, గట్టి శబ్దాలను కిందికి నొక్కే కంప్రెసర్ వేసి చూశాను. దానికి వినపడేది అన్నిటికంటే బలమైన శబ్దం, అంటే మాటల కింది సంగీతంలోని డ్రమ్ము. దెబ్బ పడినప్పుడల్లా కంప్రెసర్ మొత్తాన్నీ కిందికి నొక్కింది, దాంతోపాటే మాటా మునిగింది. బరువైన డ్రమ్మును ఫోను పలికించదు కాబట్టి ఫోనులో ఇంకా వింతగా ఉంది. కారణం వినపడదు, మాట మాత్రం లయబద్ధంగా ఊగుతూ ఉంటుంది.

రెండుచోట్లా అడ్డుపడింది ఒకటే. సంగీతం, మాట కలిసిపోయిన ఫైలులో ఒకదాన్ని కదిపితే రెండోదీ కదులుతుంది. ఇక్కడ వాటిని వ్యతిరేక దిశల్లో కదపాలి. ఆ ఫైలుతో ఇంతకంటే ముందుకు వెళ్లలేమని చెప్పి, విడి ట్రాకులు వచ్చేదాకా పని ఆపాను.

ఫలించిన పద్ధతి

ట్రాకులు వచ్చాక సంగీతాన్ని పూర్తిగా మూసేసి మాటలతోనే మొదలుపెట్టాను. ప్రేక్షకుడు రిమోటుతో సౌండు సరిచేసుకునేది మాటను బట్టే. కాబట్టి మాట ఒక స్థాయిలో నిలబడ్డాకే మిగతావి దాని చుట్టూ అమర్చాలి.

డాక్టరుగారి ట్రాకులో 80 హెర్ట్జ్ కింద కోసేశాను. 250 హెర్ట్జ్ చుట్టూ వెడల్పుగా 4 డెసిబెల్ తగ్గించి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్ పెంచాను. టీవీలో విన్నప్పుడు గొంతు కాస్త పలచబడింది. అక్కడ కొంచెం ముందుకు వెనక్కు ఆడాల్సి వచ్చింది. ఇంకా తగ్గిస్తే ఫోనులో మరింత మేలుగా ఉండేది, కానీ టీవీలో ఆయన గొంతు ఆయనదిలా ఉండేది కాదు. మనిషిని గుర్తుపట్టేలా ఉంచడం నాకు ముఖ్యం. అక్కడే ఆపాను. పై స్వరాలు పెంచినప్పుడు స, ష లు చురుక్కుమంటాయి కాబట్టి డీ-ఎస్సర్ కూడా వేశాను.

ఆ తర్వాతది చేత్తో చేయాల్సిన పని, ఎక్కువ సమయం పట్టినదీ అదే. వాక్యం వాక్యం వింటూ, దిగిపోయిన వాక్యాంతాలను ఒక్కొక్కటిగా 3 నుంచి 6 డెసిబెల్ పైకెత్తాను. ఈ పనిని కంప్రెసర్‌కు వదిలేయవచ్చు కదా అని అడగవచ్చు. వాక్యాంతం అందేంత గట్టిగా కంప్రెసర్ వేస్తే వాక్యం మొదలు నలిగిపోతుంది, ఫ్యాను మళ్లీ లేస్తుంది. చేత్తో ఎత్తితే ఆ రెండు మూడు అక్షరాలే లేస్తాయి. ముందే చదును చేశాను కాబట్టి తర్వాత కంప్రెసర్ మెత్తగా వేస్తే సరిపోయింది. త్వరగా స్పందించేది ఒకటి 3:1 నిష్పత్తిలో, నెమ్మదిగా కదిలేది మరొకటి 2:1లో వేశాను. ఏదీ 3 డెసిబెల్‌కు మించి నొక్కకుండా చూశాను. గొంతు పెరిగిన కొద్దీ ఫ్యానూ పెరుగుతుంది కాబట్టి నాయిస్ తగ్గించే ప్లగిన్‌ను 6 డెసిబెల్ వరకే వాడాను. అంతకు మించితే మాట చివర్లు నీళ్లలో మాట్లాడినట్టు వినపడ్డాయి.

ఇద్దరి మాటలూ ఒకే స్థాయికి వచ్చాక సంగీతం తెరిచాను. మాటల కింద ఉన్నప్పుడు అది మాట కంటే 16 యూనిట్లు కింద ఉండేలా పెట్టాను. మాట రాగానే సంగీతాన్ని తనంతట తానే దించే ఆటోమేటిక్ డకింగ్ చేసి చూస్తే డాక్టరుగారు ఊపిరి తీసుకున్నప్పుడల్లా సంగీతం తల ఎత్తింది. అందుకని గెయిన్ గీతను చేత్తోనే గీశాను. మాటకు అర సెకను ముందు సంగీతం దిగుతుంది, మాట పూర్తిగా అయ్యాక సెకనున్నర తీసుకుని లేస్తుంది. సంగీతం ఒక్కటే ఉన్నచోట మాట కంటే ఒక యూనిట్‌కు మించి ఎక్కువ ఉండనివ్వలేదు. టైటిల్ సంగీతం ఇలా తగ్గడం తయారుచేసినాయనకు మొదట నచ్చలేదు. ఆయన సోఫాలో కూర్చుని టీవీలో వరుసగా చూశాక ఒప్పుకున్నారు. తగ్గింది సంగీతం ఒక్కటే కాదు, మాటకూ దానికీ మధ్యనున్న ఎత్తు.

సంగీతంలో 120 హెర్ట్జ్ కింద 4 డెసిబెల్ తగ్గించాను. ఫోనుకు ఆ శక్తి ఎలాగూ అందదు. సౌండ్‌బార్ ఉన్న టీవీలో మాత్రం మాటను ముంచేది అదే. ఇంకో విషయం మోనోలో బయటపడింది. టైటిల్ సంగీతంలోని ఒక వాద్యం దాదాపు మాయమైంది. దాన్ని కృత్రిమంగా వెడల్పు చేసినట్టున్నారు, ఎడమ కుడి కలిపితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి. ఆ వెడల్పు తగ్గిస్తే తిరిగి వచ్చింది.

చివరి లౌడ్‌నెస్ ఎంత?

యూట్యూబ్‌లో మామూలుగా సుమారు మైనస్ 14 కంటే గట్టిగా ఉన్నదాన్ని దించుతారు, మెత్తగా ఉన్నదాన్ని పైకెత్తరు. ఆ లెక్కన మైనస్ 14కే చేర్చాలనిపిస్తుంది. చేర్చి చూశాను. పీకులు హద్దు దాటకుండా ఆపే లిమిటర్ డాక్టరుగారి హల్లుల మీద తరచూ 5 డెసిబెల్ దాకా నొక్కాల్సి వచ్చింది. ఎంతో ఓపికగా తెచ్చుకున్న స్పష్టత అక్కడే మళ్లీ మొద్దుబారింది. మైనస్ 15 దగ్గర 2 డెసిబెల్ నొక్కితే సరిపోయింది. ఒక్క యూనిట్ తేడాను ప్రేక్షకుడు గమనించడం కష్టం, నలిగిన హల్లు మాత్రం చెవికి తగులుతుంది. మైనస్ 15నే ఖాయం చేశాను.

లిమిటర్ దాటాక మిక్స్ మైనస్ 17.8, ట్రూ పీక్ మైనస్ 5.0, రేంజ్ 6.2 దగ్గర నిలిచింది. ఇంకా 2.8 డెసిబెల్ పెంచాలి. పెంచాక పీకు మైనస్ 2.2 అవుతుంది, హద్దు మైనస్ 1.5. రేంజ్ కూడా 11 లోపే ఉంది. అంటే ఇప్పుడు loudnorm లీనియర్‌గా నడవడానికి అడ్డేమీ లేదు.

```
ffmpeg -i mix.wav -af loudnorm=I=-15:TP=-1.5:LRA=11:print_format=json -f null -

ffmpeg -i mix.wav -af loudnorm=I=-15:TP=-1.5:LRA=11:measured_I=-17.8:measured_TP=-5.0:measured_LRA=6.2:measured_thresh=-28.1:linear=true:print_format=json -ar 48000 master.wav
```

మొదటి విడతలో వచ్చిన కొలతలనే రెండో విడతకు ఇచ్చాను. ఈసారి ఫలితాల్లో `linear` అని కనిపించింది. ఆ మాట కనిపించకపోతే ఫైలు పంపకూడదు, మళ్లీ మిక్స్‌లోకి వెళ్లాలి. `-ar 48000` కూడా మరవకూడదు. డైనమిక్‌లో పడితే ఈ ఫిల్టరు శాంపుల్ రేటును 192 కిలోహెర్ట్జ్‌కు తీసుకెళ్తుంది.

వీడియోలకు వాడే ఏఏసీ ఫార్మాట్‌లోకి కుదించాక మళ్లీ కొలిచాను. కుదింపులో తరంగం ఆకారం కొంచెం మారి పీకులు పైకి పొడుచుకొస్తాయి. ఇక్కడ మైనస్ 2.2 కాస్తా మైనస్ 1.6 అయింది. పాత ఫైలు మైనస్ 0.1 దగ్గరే ఉండటంతో కుదించాక హద్దు దాటింది. టైటిల్ సంగీతం ఫోనులో చిట్లినట్టు వినపడటానికి అదీ ఒక కారణమే.

ఫలితం

ఫోను కొలతలో ఇద్దరి గొంతుల మధ్య 9 యూనిట్లున్న తేడా ఒకటిన్నరకు దిగింది. అంకెల తర్వాత అసలు పరీక్ష చేశాం. టీవీలో వ్యాఖ్యాత మొదటి వాక్యాలకు సౌండు సరిచేసుకుని, చివరిదాకా రిమోటు ముట్టకుండా చూడాలి. ఫోనులో సగం వాల్యూమ్ పెట్టి, ఫ్యాను తిరుగుతున్న గదిలో వినాలి. ఈ పనితో సంబంధం లేనివాళ్లను కూర్చోబెట్టాం. స్క్రిప్టు తెలిసినవాళ్లకు వినపడని మాట కూడా వినపడినట్టే ఉంటుంది. రిమోటు ఎవరూ ముట్టలేదు. "ఆపకూడదు" అన్న మాట ఫోనులో చివరి అక్షరం దాకా అందింది.

కొన్ని మిగిలిపోయాయి. మైకు చొక్కాకు రాసుకున్న చప్పుడు రెండుచోట్ల మాట మీదే ఉంది. దాన్ని తీస్తే మాటా పోతుంది కాబట్టి ఉంచేశాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినచోట ఒకరి మైకులో మరొకరి గొంతు పడింది. అక్కడ డాక్టరుగారిని ఎత్తితే వ్యాఖ్యాత గొంతు గుహలోంచి వచ్చినట్టు అయింది. ఆ కాసేపూ తేడాను అలాగే వదిలేశాను.

తర్వాత ఈ వీడియోనే ఒక టీవీ ఛానెల్ అడిగింది. వాళ్ల ప్రమాణం యూరప్ ప్రసార సంస్థల ఈబీయూ ఆర్128, అంటే మైనస్ 23. మాస్టర్‌ను 8 డెసిబెల్ తగ్గించి ఇచ్చాం, ఇంకేదీ మార్చలేదు.